బీపీ 190 దాటింది, తలనొప్పి, కళ్ళు తిరుగుతున్నాయి: ఇంట్లో మొదటి అరగంట ఏం చేయాలి, ఆసుపత్రికి ఎప్పుడు బయల్దేరాలి

విశాఖలో క్యాజువాలిటీ నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పటికీ రాత్రి తొమ్మిది దాటాక నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "మిషన్‌లో ఇంత చూపిస్తోంది, తల పగిలిపోతోందంటున్నారు, ఏం వెయ్యమంటారు?" అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది పెద్దవాళ్ళ కోసం. గర్భిణులకి, బాలింతలకి లెక్క వేరు, అది రెండో మెట్టు చివర ఉంది. ఇంట్లో గర్భిణి ఉంటే ముందు అదే చదవండి.

మొన్నామధ్య మా పెద్దమ్మకి ఇలాగే అయింది. వయసు 61, ఉండేది కంచరపాలెంలో, లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో మూడో అంతస్తు. రాత్రి 10:40కి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మకి 196 మీద 108 చూపిస్తోంది. మెడ వెనకాల లాగేస్తోందంటోంది, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయట. ఇంట్లో నాన్న మాత్ర ఇంకోటి ఉంది, వేసెయ్యనా?" ఆ రాత్రి ఏం చేశామో మెట్టుమెట్టుకీ చెబుతూ వెళ్తాను.

దగ్గర పెట్టుకోవలసినవి

చేతికి పైభాగంలో పట్టీ కట్టే బీపీ మిషన్. మణికట్టుకి కట్టేవి నాకు నచ్చవు, చెయ్యి కాస్త కిందికో పైకో జరిగినా అంకె మారిపోతుంది. వీపు ఆనించుకునే కుర్చీ, చెయ్యి పెట్టుకోవడానికి టేబుల్ లేదా రెండు దిళ్ళు. గడియారం, కాగితం, పెన్ను. రోజూ వేసుకునే మాత్రల అట్టలు, డాక్టర్ చీటీ. షుగర్ ఉన్నవాళ్ళయితే గ్లూకోమీటర్. పారాసెటమాల్ ఒకటి రెండు బిళ్ళలు. ఇంతే. అత్యవసరానికని దాచుకునే ప్రత్యేకమైన బీపీ మాత్ర ఏదీ ఇందులో లేదు, ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.

1. రెండోసారి బీపీ చూసే ముందు మనిషిని చూడండి

అందరూ చేసే మొదటి పొరపాటు ఇక్కడే. 196 కనబడగానే ఇంకోసారి, మరోసారి పట్టీ నొక్కుతూ అంకె దగ్గరే ఉండిపోతారు. ఎదురుగా ఉన్న మనిషి మూతి వంకర పోయినా చూడరు. ముందు ఒక రెండు నిమిషాలు మిషన్ పక్కన పెట్టి ఇవి చూడండి.

పళ్ళు కనబడేలా నవ్వమనండి, ఒక పక్క జారుతోందా? కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచి పదంకెలు లెక్కపెట్టమనండి, ఒక చెయ్యి కిందికి దిగిపోతోందా? "విశాఖపట్నం రైల్వే స్టేషన్" అనమనండి, మాట ముద్దగా వస్తోందా? ఈరోజు ఏ వారమో అడగండి. చూపు మసకబారిందా, ఒకటి రెండుగా కనబడుతోందా? ఛాతీలో బరువు, నొప్పి ఉన్నాయా? వీపు మధ్యలో చీల్చినట్టు నొప్పా? పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చుంటున్నారా? ఫిట్స్ వచ్చాయా?

తలనొప్పి ఎలా మొదలైందో కూడా అడగండి. పొద్దుటి నుంచి నెమ్మదిగా పెరిగింది వేరు. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో తారస్థాయికి చేరి, "జన్మలో ఇలాంటి నొప్పి ఎరగను" అనిపించింది వేరు. ఆ రెండోది మెదడులో రక్తస్రావం కావచ్చు.

ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఇక బీపీ మళ్ళీ చూడక్కర్లేదు. 150 ఉన్నా, 210 ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేసి ఆరో మెట్టుకి వెళ్ళిపోండి. నోట్లో ఏమీ వెయ్యకండి, మంచినీళ్ళు కూడా పట్టకండి. పక్షవాతం వచ్చినప్పుడు మింగడం దెబ్బతింటుంది, తాగినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పెద్దమ్మకి ఇవన్నీ ఫోన్‌లోనే అడిగించాను. నవ్వు సమానంగా ఉంది, చేతులు నిలబడ్డాయి, మాట స్పష్టంగా ఉంది. పైగా "నాకేటయిందని ఇన్ని పరీక్షలు" అని కసిరింది. తలనొప్పి మధ్యాహ్నం నుంచీ కొద్దికొద్దిగా పెరిగినదే. అప్పుడు రెండో ప్రశ్నకి వెళ్ళాం.

2. "కళ్ళు తిరుగుతున్నాయి" అంటే ఏమిటో విడదీయండి

మన భాషలో ఈ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు ఇమిడిపోతాయి. ఏది ఏదో తెలియకపోతే ఇంట్లోవాళ్ళూ పొరబడతారు, ఫోన్‌లో డాక్టరూ పొరబడతారు.

మొదటిది, కూర్చుంటే బాగానే ఉండి, లేవగానే కళ్ళు బైర్లు కమ్మడం. ఇది చాలావరకు నిలబడినప్పుడు బీపీ పడిపోవడం వల్ల వస్తుంది. కూర్చున్నప్పుడు ఎక్కువ చూపించే మనిషికే లేచినప్పుడు పడిపోవచ్చు, అందులో వింత లేదు.

రెండోది, గది గిర్రున తిరిగినట్టు ఉండడం. మంచం మీద పక్కకి ఒత్తిగిల్లినప్పుడు అర నిమిషం తిరిగి ఆగిపోతే అది ఎక్కువగా లోపలి చెవి వల్ల. దాని భయానికే బీపీ పెరుగుతుంది.

మూడోది తూలడం. పడుకుంటే ఫరవాలేదు, కూర్చోబెడితే ఒక పక్కకి ఒరిగిపోతారు, నిలబెడితే తాగినవాళ్ళలా అడుగు తడబడుతుంది. వాంతులు కూడా ఉండొచ్చు. ఇది చిన్నమెదడుకి వచ్చే పక్షవాతం కావచ్చు. దీనిలో చాలాసార్లు మూతి వంకర పోదు, చెయ్యి పడిపోదు. అందుకే ఇంట్లో గ్యాస్ అనో, పైత్యమనో, బీపీ అనో అనుకుని తెల్లారేదాకా ఆగుతారు.

నేను డ్యూటీలో ఉండగా వచ్చిన ఒకాయన్ని మరిచిపోలేను. అరవై దాటిన మనిషి. సాయంత్రం ఆరింటికి టీ తాగుతూ కళ్ళు తిరుగుతున్నాయన్నారట, రెండుసార్లు వాంతి అయింది. ఇంట్లో మిషన్‌లో 210. మందుల షాపులో ఎవరో ఇచ్చిన గొట్టం మాత్ర చిదిపి నాలిక కింద పిండారు. బీపీ 120కి దిగింది, అందరూ ఊపిరి పీల్చుకుని పడుకోబెట్టారు. మా దగ్గరికి తెచ్చేసరికి రాత్రి పదకొండున్నర. అప్పటికి మాట కూడా ముద్దయిపోయింది. స్కాన్‌లో చిన్నమెదడుకి రక్తం అందడం లేదని తేలింది. ఆయన్ని ఆ సాయంత్రం ఒక్కసారి లేపి నిలబెట్టి ఉంటే, నడవలేకపోతున్నారని ఇంట్లోవాళ్ళకి అప్పుడే తెలిసేది.

కాబట్టి ఈ పరీక్ష చెయ్యండి. ముందు ఆసరా లేకుండా మంచం అంచున కూర్చోగలుగుతున్నారా చూడండి. కూర్చోగలిగితే, ఒకరు పక్కనే చెయ్యి పట్టుకోవడానికి సిద్ధంగా ఉండి, గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వెయ్యమనండి. కొత్తగా అడుగు నిలవకపోతే 108కి ఫోన్ చెయ్యండి. కూర్చోలేకపోతే నిలబెట్టే ప్రయత్నం కూడా వద్దు, అదే జవాబు.

షుగర్ మందులు వాడేవాళ్ళకి ఇక్కడే గ్లూకోమీటర్‌తో చూడండి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, పైకెక్కిన బీపీ, ఇవన్నీ షుగర్ పడిపోయినా వస్తాయి. 70 కంటే తక్కువ ఉండి, స్పృహలో ఉండి, బాగా మింగగలుగుతుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకి మళ్ళీ చూడండి.

గర్భిణి సంగతి. అయిదో నెల దాటాక గానీ, కాన్పయిన ఆరు వారాల లోపు గానీ 140 మీద 90 ఉండి తలనొప్పి, చూపు మసక, డొక్క పైభాగాన నొప్పి ఏదున్నా ఈ వ్యాసంలోని మిగతా మెట్లేవీ వర్తించవు. ఆ గంటలోనే కాన్పుల ఆసుపత్రికి వెళ్ళాలి. 160 మీద 110 ఉంటే ఏ బాధా లేకపోయినా అంతే. ఫిట్స్ రావడానికి 180 దాకా పెరగక్కర్లేదు.

3. ఇప్పుడు బీపీ సరిగ్గా చూడండి

పైవేవీ లేవని తేలాక మిషన్ తీయండి. తమ్ముడు మొదటిసారి ఎలా చూశాడో అడిగితే తప్పులన్నీ ఒకచోటే దొరికాయి. పెద్దమ్మ అనకాపల్లిలో పెళ్ళి నుంచి వచ్చి మూడంతస్తులు ఎక్కి ఐదు నిమిషాలు కూడా కాలేదు. మంచం అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. పట్టీ జాకెట్ చెయ్యి మీదే చుట్టాడు. చెయ్యి ఒళ్ళో ఉంది. పైగా పెళ్ళిలో ఎవరెవరు వచ్చారో చెబుతూనే ఉంది.

ఇలా చెయ్యండి. ముందు మూత్రానికి వెళ్ళి రానివ్వండి, తోడు ఒకరు వెళ్ళండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేయకుండా కూర్చోబెట్టండి. చేతిని టేబుల్ మీదో దిళ్ళ మీదో ఉంచండి, పట్టీ గుండె ఎత్తున ఉండాలి. చెయ్యి కిందికి ఉంటే బీపీ ఎక్కువ చూపిస్తుంది, పైకెత్తితే తక్కువ చూపిస్తుంది. పట్టీ ఒంటి చర్మానికే కట్టండి, దాని కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్ళ పైన ఉండాలి. లోపలికి ఒక వేలు దూరేంత బిగువు చాలు. టీవీ ఆపండి. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. ఆ తర్వాత ఒకసారి, ఒకటి రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి చూడండి. రెండూ టైముతో సహా కాగితం మీద రాయండి.

లావు చేతులవాళ్ళకి ఇంకో తిరకాసు ఉంది. మిషన్‌తో వచ్చే మామూలు పట్టీ సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి. ఆ కొలత పట్టీ మీదే రాసి ఉంటుంది, టైలరు టేపుతో చెయ్యి కొలుచుకోండి. పట్టీ చిన్నదైతే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతికి మాత్రం పట్టీ కట్టకూడదు.

రాత్రి 10:58కి పెద్దమ్మకి 178 మీద 98, రెండు నిమిషాల తర్వాత 174 మీద 96. మందు ఒక్కటీ పడకుండానే 22 తగ్గింది. దీన్ని బట్టి ఆమెకి బీపీ లేదని కాదు, ఉంది. ఆ మొదటి 196ని చూసి అదనపు మాత్ర వేసి ఉంటే, నిజంగా లేని ఆ 22కి మందు వేసినట్టయ్యేదని మాత్రం తెలుస్తోంది.

4. ఈ అరగంటలో ఏం చేయాలి, ఏం చేయకూడదు

కిటికీ తెరిచి, ఫ్యాను వేసి, లైటు తగ్గించి, తల ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టండి లేదా అలాగే కుర్చీలో ఉంచండి. మన ఊరి ఉక్కలో ఇది కూడా వైద్యమే. చుట్టూ జనం వద్దు, ఒక్కరు చాలు.

రోజూ వేసుకునే మాత్ర ఈరోజు వేసుకున్నారా అడగండి. మాట సరిపోదు, అట్ట తెచ్చి లెక్కపెట్టండి. పెద్దమ్మ రోజూ రాత్రి భోజనం అయ్యాక తొమ్మిదింటికి ఒక మాత్ర వేసుకుంటుంది. పెళ్ళికి వెళ్తూ మాత్రలు ఇంట్లోనే మరిచిపోయింది, రెండు రాత్రులు లేవు, ఆ రాత్రిది కూడా ఇంకా పడలేదు. ఆ రాత్రి వేసుకోవలసిన ఒక్క మాత్ర వేయించాను. పోయిన రెండు రోజులవి కలిపి మూడు వెయ్యకూడదు. మీవాళ్ళ మాత్ర పొద్దుటిదై, రేపటి మాత్రకి కొద్ది గంటలే ఉంటే ఏం చేయాలో మీ డాక్టర్‌ని అడగండి. క్లోనిడిన్ లాంటి మందు వాడుతూ ఆపేసిన వాళ్ళయితే తప్పకుండా ఫోన్ చేయండి, దాన్ని హఠాత్తుగా మానేస్తే బీపీ ఎగదన్నుతుంది.

తలనొప్పికి పారాసెటమాల్ 500 లేదా 650 ఒకటి చాలు, కాలేయం జబ్బు లేకపోతే. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే రకం వద్దు, దానిలో సోడియం ఎక్కువ. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు అసలే వద్దు, అవి బీపీని పెంచుతాయి, బీపీ మందుల పనిని తగ్గిస్తాయి. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులకి పెళ్ళిలో రెండు రోజులూ వేసుకున్నది అదే. ముక్కు దిబ్బడకి వేసే జలుబు మాత్రలు కూడా చాలావరకు ఇదే పని చేస్తాయి. వాడుతున్నారేమో అడగండి.

ఇక చేయకూడనివి. నాలిక కింద మాత్ర చిదిపి పిండడం మొదటిది. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనే నిఫెడిపిన్ గొట్టాన్ని అలా ఇచ్చేవారు. హఠాత్తుగా బీపీ పడిపోయి గుండెపోట్లు, పక్షవాతాలు రావడం చూశాక మానేశారు. ఆసుపత్రులు మానేసినా ఇళ్ళల్లో, షాపుల్లో ఆ అలవాటు మిగిలిపోయింది. ఏళ్ళ తరబడి ఎక్కువ బీపీకి అలవాటు పడ్డ మెదడు ఆ ఒత్తిడిలోనే రక్తం అందుకోవడం నేర్చుకుని ఉంటుంది. 200 నుంచి ఒక్క దెబ్బన 120కి దించితే దానికి రక్తం చాలదు. పక్షవాతం మొదలైన మనిషికైతే ఆ పెరిగిన బీపీయే మూసుకుపోయిన నాళం చుట్టుపక్కల భాగాన్ని కాస్త బతికిస్తూ ఉంటుంది. దాన్ని ఎంత దించాలో, అసలు దించాలో వద్దో స్కాన్ చూశాకే తేలుతుంది.

ఇంట్లో ఇంకొకరి మాత్ర ఇవ్వకండి. ఉన్న మాత్రే రెండోది వెయ్యకండి. ఆమ్లోడిపిన్ లాంటివి పూర్తిగా పనిచేయడానికి ఆరు గంటలకి పైనే పడుతుంది. ఇప్పుడు వేసిన రెండో మాత్ర అరగంటలో ఏమీ చేయదు, తెల్లవారుజామున బాత్రూముకి లేచినప్పుడు పడేస్తుంది. పక్షవాతం అనుమానంతో ఆస్పిరిన్ వెయ్యకండి, లోపల రక్తస్రావమైతే అది ఇంకా కారుస్తుంది. కళ్ళు తిరుగుతున్నాయనగానే ఉప్పు, పంచదార వేసిన నిమ్మకాయ నీళ్ళో, ఓఆర్ఎస్సో కలిపి ఇస్తారు. ప్రేమతోనే ఇస్తారు, కానీ బీపీ 180 దగ్గర ఉన్నప్పుడు ఆ ఉప్పు వద్దు. వెల్లుల్లి, ఉల్లిరసం నమలమంటూ టైము పోగొట్టకండి. పక్క వీధిలో ఇంజెక్షన్ వేయించి దించేద్దామనే ఆలోచన కూడా మానుకోండి.

5. అరగంట తర్వాత మళ్ళీ చూసి నిర్ణయించుకోండి

మధ్యలో ఐదేసి నిమిషాలకి పట్టీ బిగించకండి. ప్రతిసారీ ఆ అంకె కోసం ఎదురుచూసే కంగారే బీపీని పెంచుతుంది. అరగంటకి, మూడో మెట్టులో చెప్పినట్టే రెండుసార్లు చూడండి.

పైది 180 లేదా అంతకు మించి, లేదా కిందిది 120 లేదా అంతకు మించి అలాగే ఉండి, తలనొప్పి గానీ కళ్ళు తిరగడం గానీ తగ్గకపోతే తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి. ఆటోనో కారో దొరికితే అందులో వెళ్ళొచ్చు, కానీ మోటార్ సైకిల్ వెనక కూర్చోబెట్టకండి.

అంకె అంతే ఉండి, బాధలన్నీ పోతే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి మాట్లాడండి. డాక్టర్ దొరక్కపోతే, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఇంతకు ముందు పక్షవాతం ఉన్నవాళ్ళని నేనైతే ఆ రాత్రే చూపిస్తాను. మిగతావాళ్ళని పొద్దున్నే తీసుకెళ్ళండి.

అంకె 180 లోపుకి దిగి, బాధ తగ్గుముఖం పడితే ఇంట్లోనే పడుకోవచ్చు, మర్నాడు డాక్టర్‌ని కలవాలి. అంకె దిగినా తలనొప్పి పెరుగుతూ పోతే, వాంతులు మొదలైతే, మెడ వంచలేకపోతే, పిలిస్తే మత్తుగా పలికితే ఆ దిగిన అంకెని చూసి ధైర్యపడకండి, ఆసుపత్రికి వెళ్ళండి.

పెద్దమ్మకి 11:30కి 166 మీద 94. తలనొప్పి సగం తగ్గింది. లేస్తే కళ్ళు బైర్లు కమ్మడం మాత్రం అలాగే ఉంది. అప్పుడు ఇంకొక్క కొలత తీయించాను. నడకలో తేడా లేదని ముందే చూశాం కాబట్టి, తమ్ముడు భుజం పట్టుకుని నిలబెట్టాడు, ఒక నిమిషం ఆగి పట్టీ నొక్కాడు. 142 మీద 84. నిలబడగానే పైది 24 పడిపోయింది. 20 గానీ అంతకు మించి గానీ పడితే నిలబడినప్పుడు బీపీ పడిపోతోందనే లెక్క. పగలంతా ఎండలో ప్రయాణం, బాత్రూముకి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగకపోవడం, కడుపునిండా తినకపోవడం, కారణాలన్నీ అక్కడే ఉన్నాయి. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్ళు తగ్గించమని చెప్పినవాళ్ళు కాదు కాబట్టి రెండు గ్లాసుల మంచినీళ్ళు నెమ్మదిగా తాగించి, కాస్త పెరుగన్నం పెట్టించాను, ఊరగాయ లేకుండా. రాత్రి లేవాలంటే ముందు మంచం అంచున ఒక నిమిషం కూర్చోవాలని, లైటు వేసుకుని తమ్ముణ్ణి లేపాలని చెప్పాను. ఆ అదనపు మాత్ర వేసి ఉంటే ఏ మూడింటికో బాత్రూములో పడి తుంటి విరగ్గొట్టుకునేదని నాకు గట్టి నమ్మకం.

6. ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే

108కి ఫోన్ చేసినప్పుడు "బీపీ ఎక్కువైంది" అని ఊరుకోకండి. "కుడి చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా ఉంది, తొమ్మిదింటి దాకా బాగున్నారు" అని లక్షణం, టైము చెప్పండి. గుడి, స్కూలు లాంటి గుర్తు ఒకటి చెప్పి, ఒక మనిషిని కింద గేటు దగ్గర నిలబెట్టండి. లిఫ్ట్ లేని ఇంట్లో ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నవాళ్ళని మెట్లు దిగి నడవనివ్వకండి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో నడుముకి కట్టి, ముందు వెనక ఇద్దరిద్దరు పట్టి దించండి. స్పృహ లేకపోతే పక్కకి ఒత్తిగిలి ఉండేలా పడుకోబెట్టండి, వాంతి గొంతుకి అడ్డం పడకుండా.

టైము ఎందుకంటే, రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆ గడియారం మీరు చూసినప్పటి నుంచి తిరగదు, మనిషి చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి తిరుగుతుంది. నిద్రలేచేసరికి అలా ఉంటే రాత్రి పడుకున్న టైము చెప్పండి.

సీటీ స్కాన్ రాత్రిపూట కూడా తీసే చోటికే వెళ్ళండి. ముందు చిన్న నర్సింగ్ హోముకి, అక్కడ సెలైన్ పెట్టించుకుని, అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి అని తిరిగితే రెండు గంటలు గాల్లో కలిసిపోతాయి. మహారాణిపేటలో కేజీహెచ్ క్యాజువాలిటీ రాత్రింబవళ్ళూ ఉంటుంది. ఆరిలోవ, హనుమంతవాక వైపు వాళ్ళకి విమ్స్ దగ్గర. గాజువాక, కూర్మన్నపాలెం, పెందుర్తి, మధురవాడ వాళ్ళు ఇవాళే, ఏ కంగారూ లేనప్పుడే, దగ్గర్లో రాత్రి స్కాన్, పక్షవాతం ఇంజెక్షన్ రెండూ ఉన్న ఆసుపత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కుని, ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి. బయల్దేరేటప్పుడు మాత్రల అట్టలు, చీటీ, టైములు రాసిన ఆ కాగితం సంచిలో వేసుకోండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే అక్కడ అడుగు పెట్టగానే ఆ మాటే ముందు చెప్పండి.

7. ఇంట్లోనే ఆగిపోతే మర్నాటి నుంచి

బాగుంది కదా అని వదిలేస్తే నెల తిరక్కుండా మళ్ళీ అదే ఫోన్. మర్నాడు డాక్టర్‌ని కలిసి, ఆ రాత్రి కాగితం చూపించండి. ఆ తర్వాత ఏడు రోజులు, పొద్దున మాత్రకి, టిఫినుకి ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135 మీద 85కి చేరినా, దాటినా బీపీ ఎక్కువున్నట్టే, మందు సరిచేయాలా అన్నది డాక్టర్ చూస్తారు. మనకి నచ్చిన అంకెలు మాత్రమే రాయకండి, అలాంటి కాగితాలు చాలా చూశాను, అన్నీ 130 మీద 80 ఉంటాయి. ఏడాదికి ఒకసారి మిషన్ పట్టుకెళ్ళి డాక్టర్ దగ్గరి మిషన్‌తో సరిపోల్చుకోండి.

పెద్దమ్మకి మర్నాడు పొద్దున 7 గంటలకి 152 మీద 88. డాక్టర్ మోకాళ్ళ మాత్ర ఆపించారు, బీపీ మాత్ర మార్చలేదు, వారం చూశాక చెబుతానన్నారు. వారం సగటు 138 మీద 84 వచ్చింది. ఇప్పుడు మాత్రల అట్టలో ఒక వరస కత్తిరించి పర్సులో పెట్టుకుని తిరుగుతోంది. ఎండుచేపలు మానడం మీద మాత్రం ఇంకా మాట్లాడుకుంటున్నాం.